పేరు మార్చుకున్నా వరస మారదు

గోదావరి జిల్లాల్లో ఎవరి ఫోను తెరిచి చూసినా కాంటాక్టుల జాబితాలో ఒట్టి పేర్లు తక్కువే. రావులపాలెం బాబాయి, తణుకు పెద్దమ్మ, కువైట్ వదిన, పాల సత్తిబాబు, ట్యూషన్ మేడం అని ఉంటాయి. మనిషిని మనం గుర్తుపెట్టుకునే తీరే అది. ఎవరి తాలూకు, ఏ ఊరు, ఏం పని చేస్తారు అన్న మూడూ కలిస్తేనే మనిషి పోలిక తెలుస్తుంది. మారుపేరుతో సోషల్ మీడియా ఖాతా తెరిచినవాళ్లు దాచేది పేరొక్కటే. ఈ మూడూ ఇతరుల ఫోన్లలో ఎప్పుడో నమోదై ఉన్నాయి.

మారుపేరు ఖాతా అనగానే దొంగ ఖాతా అనుకోవడం మనకు అలవాటైంది. మోసగాళ్లూ, బూతులు రాసేవాళ్లూ ఉన్నమాట నిజమే. కానీ అత్తింటి హింస గురించి రాసుకునే ఇల్లాలు, కులాంతర ప్రేమలో ఉన్న పిల్లలు, పనిచేసే చోట జరుగుతున్న అన్యాయాన్ని బయటపెట్టాలనుకునే ఉద్యోగి కూడా ఆ చాటునే ఆశ్రయిస్తారు. ఆ చాటు ఎంత గట్టిదో వాళ్లకు ముందే తెలిసి ఉండాలి. ఈ వ్యాసం వాళ్ల వైపు నుంచి ఆలోచించి రాస్తున్నది.

ఒక ఉదాహరణను చివరిదాకా వెంటబెట్టుకుందాం. మనిషి కల్పితం, ఆమెకు ఎదురయ్యేవి మాత్రం నిజంగా జరిగేవే. ముమ్మిడివరం దగ్గర పల్లెలో పుట్టి, తణుకు కోడలై, రాజమండ్రిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్న టీచరమ్మ అనుకుందాం. అత్తింట్లో పడుతున్న బాధలను ఇన్‌స్టాగ్రామ్‌లో కలంపేరుతో రాయాలనుకుంది. ఫొటో పెట్టలేదు, ఊరు చెప్పలేదు, కొత్త ఈమెయిలు తెరిచింది. ఆమె అసలు పేరు ఎన్ని దారుల్లో బయటపడగలదు?

నంబరు: తాళం కోసం ఇచ్చినది

ఖాతా పోకుండా ఉండాలంటే ఫోన్ నంబరు ఇమ్మని యాప్ అడుగుతుంది. ఓటీపీ కోసమే కదా అని టీచరమ్మ పదేళ్లుగా వాడుతున్న తన నంబరే ఇచ్చింది. ఆ నంబరు ప్రొఫైల్లో ఎవరికీ కనబడదు. కనబడనంత మాత్రాన వాడకంలో లేదని కాదు.

2018లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఫేస్‌బుక్ మీద పరీక్షలు చేసి, రెండంచెల భద్రత కోసం ఇచ్చిన నంబర్లను ప్రకటనలు చూపించడానికీ వాడుతున్నారని తేల్చారు. మరుసటి ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థకు 500 కోట్ల డాలర్ల జరిమానా వేసినప్పుడు చూపిన తప్పుల్లో ఇదీ ఒకటి. ఇదే రకం తప్పుకు 2022 మే నెలలో ట్విట్టర్ 15 కోట్ల డాలర్లు కట్టింది. తాళం కోసం ఇచ్చిన నంబరు తలుపు బయటికీ వెళ్లగలదని ఆ రెండు కేసులూ రుజువు చేశాయి.

రెండో ప్రమాదం నంబరు నుంచి ఖాతాను పట్టుకోవడం. మన నంబరు తెలిసినవాళ్లు మనల్ని వెతికి పట్టుకునే ఏర్పాటు చాలా యాప్‌లలో ఉంది. దాన్ని ఆపే మీటా ఉంటుంది. కానీ మీట ఆపినా సరిపోని సందర్భం ఒకటి వచ్చింది. 2021 జూన్‌లో ట్విట్టర్ చేసిన ఒక మార్పులో లోపం దొర్లి, ఒక ఫోన్ నంబరో ఈమెయిలో ఇస్తే అది ఏ ఖాతాకు చెందిందో బయటికి తెలిసిపోయేది. వెతకనివ్వొద్దని పెట్టుకున్నవాళ్లకూ రక్షణ దొరకలేదు. ఆ లోపం బయటపడి సరిచేసేలోగా 54 లక్షల ఖాతాల వివరాలు పోగయ్యాయి. మారుపేరుతో రాసేవాళ్లకు దీనివల్ల ప్రమాదముందని ఆ సంస్థే 2022 ఆగస్టులో ఒప్పుకుంది.

మూడోది మన దేశంలో మరీ తేలిక. నంబరు తెలిస్తే మనిషి పేరు తెలుసుకోవడానికి పోలీసు అక్కర్లేదు. ఏదైనా యూపీఐ యాప్‌లో ఆ నంబరుకు రూపాయి పంపబోతే, డబ్బు కదలకముందే బ్యాంకులో ఉన్న పేరు తెర మీద కనబడుతుంది. వాట్సాప్‌లో సేవ్ చేస్తే ఫొటో కనబడవచ్చు. కాబట్టి మారుపేరు ఖాతా నంబరు ఒక్కసారి జారితే ఆ పేరు వెనకున్న మనిషిని పట్టుకోవడం రెండు నిమిషాల పని.

నంబరు పూర్తిగా జారక్కర్లేదు కూడా. పాస్‌వర్డ్ మర్చిపోయానని నొక్కితే కొన్ని యాప్‌లు నంబరులో చివరి రెండంకెలు చూపించి మిగతావి చుక్కలు పెడతాయి. ఆ రాతలు చదివిన ఆడపడుచుకు ముప్ఫైమంది బంధువుల మీద అనుమానం వచ్చిందనుకోండి. ఇద్దరు మనుషుల నంబర్ల చివరి రెండంకెలు అనుకోకుండా కలిసే అవకాశం నూటికి ఒకటి. ఆ లెక్కన, అసలు మనిషి ఆ ముప్ఫైమందిలో ఉంటే, ఆ అంకెలు ఆమె ఒక్కరికే సరిపోయే అవకాశం నాలుగింట మూడు వంతులు. ఊరందరి మధ్యా వెతికేటప్పుడు రెండంకెలు ఎందుకూ పనికిరావు. బంధువర్గంలో వెతికేటప్పుడు అవే చాలు.

కాంటాక్టులు: ఇతరుల చేతిలోని జాతకం

టీచరమ్మ జాగ్రత్తపడి నంబరు ఇవ్వలేదనుకుందాం. ఒట్టి ఈమెయిలుతోనే ఖాతా తెరిచింది. స్నేహితులను వెతుక్కోండి అంటూ వచ్చిన తెర మీద పొరబాటున సరే నొక్కింది. ఫోనులోని నాలుగు వందల నంబర్లు కంపెనీకి చేరాయి. వాటిలో ఆమె నంబరు లేదు. అయినా ఆమె ఎవరో ఆ జాబితాయే చెప్పేస్తుంది.

లెక్క ఇలా సాగుతుంది. వాళ్లమ్మ నంబరు ఫోనులో ఉన్నవాళ్లు పల్లెలో రెండు వందలమంది ఉంటారు. రాజమండ్రి బడి హెడ్‌మాస్టరు నంబరు ఉన్నవాళ్లు నూటయాభైమంది. తణుకులో మామగారి నంబరు ఉన్నవాళ్లు వందమంది. ఒక్కో గుంపు పెద్దదే. మూడు గుంపుల్లోనూ ఉన్న మనిషి ఆమె ఒక్కతే, మహా అయితే భర్త కూడా. పుట్టిల్లు, మెట్టినిల్లు, పనిచోటు కలిసే చోట ఒక్క మనిషే నిలబడుతుంది. అదే జాబితాతో ఆమె అసలు ఖాతా ఎప్పుడో నమోదై ఉంటే, రెండూ ఒకరివేనని పోల్చడం కంప్యూటరుకు కష్టం కాదు.

పేర్లన్నీ చెరిపేసి ఎవరికి ఎవరు తెలుసన్న అల్లిక ఒక్కటే మిగిల్చినా మనుషులు దొరుకుతారని 2009లో అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అనే పరిశోధకులు చూపించారు. ట్విట్టర్‌లోనూ, ఫొటోల సైటు ఫ్లికర్‌లోనూ ఖాతాలున్నవాళ్లలో మూడోవంతు మందిని స్నేహాల అల్లిక ఒక్కదాని ఆధారంగా కలపగలిగారు. తప్పు పడ్డది నూటికి పన్నెండు మాత్రమే.

ఇంకా చిక్కైన సంగతి మరొకటి ఉంది. టీచరమ్మ తన కాంటాక్టులు ఇవ్వకపోయినా ఇతరులు ఇస్తారు. కువైట్‌లో ఉన్న వదిన కొత్త ఫోను కొని అందులోని జాబితా అంతా యాప్‌కు అప్పగిస్తుంది. కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాల్లో వీడియో కాల్ యాప్‌లే బతుకుదారం. ఒక్కో యాప్ పెట్టినప్పుడల్లా జాబితా మొత్తం మళ్లీ పైకి వెళుతుంది. ఆ జాబితాలో టీచరమ్మ నంబరు, ఎప్పుడో ఇచ్చిన పాత ఈమెయిలు, వరసతో సహా పేరు ఉంటాయి. ఆమె కంపెనీకి ఎన్నడూ చెప్పని వివరాలు ఇలా ఆమె పేరిట చేరతాయి. 2018 పరిశోధన దీన్నీ పరీక్షించింది. స్నేహితులు ఎక్కించిన జాబితాలోని నంబరుతో, ఆ నంబరు తాను ఎన్నడూ ఇవ్వని మనిషికి ప్రకటన చేర్చగలిగారు.

ఇది మనుషుల జీవితాల్లో ఎలా పనిచేస్తుందో అమెరికా విలేకరి కశ్మీర్ హిల్ 2016, 2017లలో రాసిన కథనాలు చెబుతాయి. ఒక మనోవైద్యురాలి దగ్గరకు వచ్చే రోగులు ఒకరికొకరు తెలియకపోయినా, మీకు తెలిసినవాళ్లు కావచ్చంటూ ఫేస్‌బుక్ ఒకరిని మరొకరికి చూపించింది. అందరి ఫోన్లలోనూ ఆ వైద్యురాలి నంబరు ఉండటమే కారణమై ఉండవచ్చని ఊహించారు. మరో కథనం ఒక సెక్స్ వర్కరుది. వృత్తికి ఒక పేరు, ఒక నంబరు, ఒక ఈమెయిలు పెట్టుకుని అసలు ఖాతాతో ఎక్కడా కలవనివ్వలేదు. అయినా ఆమె దగ్గరకు వచ్చినవాళ్లు కొందరు ఆమె అసలు పేరున్న ఖాతాలో సూచనలుగా కనబడ్డారు. ఎలా కలిసిందో చివరిదాకా తేలలేదు. ఈ చిక్కులో పెద్ద బాధ అదే. ఏ పోగు పట్టిచ్చిందో తెలియకపోతే ఏ పోగు తెంపాలో తెలియదు.

జాబితాలను నేరుగా పంపం, హాష్ చేసి పంపుతామని కంపెనీలు చెబుతుంటాయి. హాష్ అంటే నంబరును గుర్తుపట్టలేని అక్షరాల మూటగా మార్చడం. ఫోన్ నంబర్ల విషయంలో దాని బలం తక్కువ. మన మొబైల్ నంబరు పదంకెలు, మొదటి అంకె 6 నుంచి 9 దాకా ఉంటుంది. అంటే మొత్తం కలిపి 400 కోట్ల నంబర్లే సాధ్యం. వాటన్నిటికీ హాష్‌లు కట్టి పట్టిక వేసుకోవడం మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరుకు నిమిషాల పని.

అసలు హాష్‌ను విప్పక్కర్లేకుండానే నంబర్లన్నీ వరసగా అడిగి చూడవచ్చు. ఫేస్‌బుక్ కాంటాక్టుల సాధనంతో అలాగే తోడేసిన 53 కోట్లకు పైగా ఖాతాల వివరాలు 2021 ఏప్రిల్‌లో బహిరంగంగా దొరికాయి. వాటిలో లక్షలమంది భారతీయులు ఉన్నారు. వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు వాట్సాప్ నంబర్లను ఇదే పద్ధతిలో పరీక్షించి దాదాపు 350 కోట్ల ఖాతాలు గుర్తించామని 2025లో వెల్లడించారు.

ఫోను: కరపత్రం అడుగున ప్రెస్సు పేరు

1867లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. అచ్చయిన ప్రతి కాగితం మీదా అచ్చువేసినవాడి పేరు, అచ్చైన చోటు ఉండాలి. రాసినవాడు పేరు పెట్టకపోయినా ప్రెస్సును పట్టుకుంటే ఆచూకీ దొరికేది. మారుపేరు ఖాతాకు ఫోను అలాంటి ప్రెస్సు.

టీచరమ్మ ఈసారి కొత్త నంబరు కొని, కాంటాక్టులు ఇవ్వకుండా, పాత ఫోనులోనే రెండో ఖాతా తెరిచింది. అదే యాప్‌లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారుతూ ఉంటే రెండూ ఒకే చేతిలో ఉన్నాయని కంపెనీకి వేరే చెప్పక్కర్లేదు. యాప్ తీసేసి మళ్లీ వేస్తే పోతుందనుకోవడం పొరపాటు. ఆండ్రాయిడ్ 8 నుంచి ప్రతి యాప్ తయారీదారుకూ ఫోను ఒక ప్రత్యేక గుర్తు ఇస్తుంది. యాప్ తీసేసినా అది మారదు. ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేస్తేనే మారుతుంది.

ఆండ్రాయిడ్ 10 వచ్చాక మామూలు యాప్‌లు ఐఎంఈఐ నంబరును చదవలేవు. అది మంచి మార్పే. కానీ ఒక దారి మూస్తే ఇంకో దారి తెరుచుకుంది. బ్రౌజరులో చూసే పేజీలను ఫోనులో లాగిన్ అయి ఉన్న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలకు కలిపే ఒక చాటు పద్ధతిని స్పెయిన్, నెదర్లాండ్స్, బెల్జియం పరిశోధకులు 2025 జూన్‌లో బయటపెట్టారు. పేజీలోని మెటా కోడ్ అదే ఫోనులోని యాప్‌తో లోలోపల మాట్లాడేది. ఇన్‌కాగ్నిటో కిటికీలో చూసినా ఆ కలయిక ఆగలేదు. సంగతి వెల్లడైన రోజే మెటా దాన్ని ఆపేసింది. చాటు కిటికీ వేరనుకున్నవాళ్లందరికీ అది అప్పటిదాకా ఒకే గది.

మన ఊళ్లలో దీనికి ఇంకో కోణం ఉంది. ఒక ఫోను ఇంట్లో నలుగురు వాడతారు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం మొబైల్ షాపుల్లో కొన్న సెకండ్ హ్యాండ్ ఫోనులో పాతవాళ్ల ఖాతా మిగిలి ఉండవచ్చు. షాపులో కుర్రాడు తన ఈమెయిలుతో ఫోను తయారుచేసి ఇస్తాడు. ఆ ఈమెయిలు అతని చేతిలో ఉన్నంతకాలం కాంటాక్టులు, ఫొటోలు అతని ఖాతాకు చేరుతూ ఉండవచ్చు. చాలామంది రహస్యాలు కంపెనీ కంటే ముందు ఇలా తెలిసినవాళ్ల చేతికే చిక్కుతాయి.

పోలీసు నడిచే దారి

కంపెనీ పోల్చేది లెక్కతో, బంధువులు పోల్చేది ఊహతో. పోలీసులు పోల్చేది రికార్డులతో. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద కంపెనీకి నోటీసు వెళ్తే, ఖాతా తెరిచిన నంబరు, ఈమెయిలు, లాగిన్ అయిన ఐపీ అడ్రసులు, వేళలు అడుగుతారు. ఆ ఐపీని టెలికాం సంస్థకు ఇస్తే ఆ వేళ దాన్ని వాడిన సిమ్ ఎవరిదో చెబుతారు. 2021 డిసెంబరు నుంచి ఈ రికార్డులను రెండేళ్లు దాచాలి. సిమ్ మార్చినా లాభం తక్కువ. ఫోన్ చేసిన ప్రతి రికార్డులోనూ సిమ్‌తోపాటు ఫోను ఐఎంఈఐ కూడా ఉంటుంది. ఆ ఐఎంఈఐ పట్టుకుని వెతికితే ఆ ఫోనులో వేసిన ప్రతి సిమ్ బయటికొస్తుంది. పాత ఫోనులో కొత్త సిమ్ అంటే పాత చిరునామాకు కొత్త తలుపు మాత్రమే.

విదేశీ కంపెనీ ఇవ్వనంటే దారి పొడవవుతుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తులను దూషించిన పోస్టులపై హైకోర్టు 2020 అక్టోబరులో సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. 16 మందిపై కేసు నమోదైంది, కొందరు విదేశాల్లో ఉన్నారు. ఖాతాల వివరాల కోసం దేశాల మధ్య ఉన్న పరస్పర న్యాయసహాయ ఒప్పందం దారిలో వెళ్లామని సీబీఐ ప్రకటించింది. అది నెలలు పట్టే దారి.

కంపెనీని అడగక్కర్లేని సందర్భాలూ ఉంటాయి. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో అల్లర్లు జరిగి మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లు తగలబడ్డాయి. ఇంటర్నెట్ ఆపేశారు. నిందితులను గుర్తించడానికి సీసీ కెమెరాలతోపాటు వాట్సాప్ గ్రూపుల్లోని సందేశాలూ వాడామని పోలీసులు చెప్పారు. వాట్సాప్ గ్రూపులో ప్రతివాడి నంబరూ మిగతా అందరికీ కనబడుతుంది. సందేశాలను దారిలో ఎవరూ చదవలేకపోవచ్చు. గ్రూపులో ఒక్కడి ఫోను దొరికితే మిగతావాళ్ల నంబర్లన్నీ దొరికినట్టే.

రికార్డులు తప్పు మనిషిని చూపించడమూ ఉంది. 2007లో ఆర్కుట్‌లో శివాజీ మీద పెట్టిన బొమ్మ కేసులో బెంగళూరు ఐటీ ఉద్యోగి ఒకరిని అరెస్టు చేసి 50 రోజులు జైల్లో ఉంచారు. ఐపీ అడ్రసుకు టెలికాం సంస్థ తప్పు చిరునామా ఇచ్చింది, అతనికీ ఆ బొమ్మకూ సంబంధమే లేదు. ఇప్పుడు ఒకే ఐపీని ఒకేసారి ఎందరో పంచుకుంటున్నారు. కచ్చితమైన వేళ, పోర్టు నంబరు లేకుండా ఐపీ ఒక్కటే చూపి మనిషిని తేల్చలేరు. అంతర్జాతీయ కాలమానానికీ మన గడియారానికీ ఉన్న ఐదున్నర గంటల తేడా మర్చిపోయినా తలుపు మారిపోతుంది. పైగా మన ఇళ్లలో కూతురు వాడే సిమ్ తండ్రి పేరిట, కోడలి సిమ్ మామగారి పేరిట ఉండటం మామూలు. టీచరమ్మ సిమ్ మామగారి ఆధార్ మీద ఉంటే ఆమె రాతల మీద వచ్చే నోటీసు మొదట ఆయన చేతికే అందుతుంది.

ఏ జాగ్రత్త ఎవరిని ఆపుతుంది

ముందు అడగాల్సిన ప్రశ్న, ఎవరి నుంచి దాగాలి? బంధువుల నుంచి దాగడం సాధ్యమే. కంపెనీ నుంచి దాగడం కష్టం. కోర్టు ఆదేశంతో వచ్చే దర్యాప్తు నుంచి దాగగలనని ఏ మామూలు మనిషీ నమ్ముకోకూడదు. మరొకరి పేరుతో సిమ్ తీసుకోవడం జవాబు కాదు. మోసంతో, వేరొకరిలా నటించి సిమ్ పొందితే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు.

టీచరమ్మకు దాగాల్సింది బంధువుల నుంచి. ఆమెకు వరస ఇలా ఉండాలి. మొదట ఎవరి ఫోనులోనూ లేని నంబరు, లేదా నంబరే లేకుండా కొత్త ఈమెయిలు. ఆ ఈమెయిలుకు రికవరీగా పాత నంబరు ఇవ్వకూడదు. తర్వాత ఖాళీ కాంటాక్టులున్న వేరే ఫోను. అది దొరకకపోతే యాప్ వేయకుండా, అసలు ఖాతా ఎన్నడూ తెరవని బ్రౌజరు. కాంటాక్టుల అనుమతి మొదటి రోజు నుంచే ఇవ్వకూడదు. ఒకసారి పైకి వెళ్లిన జాబితాను అకౌంట్స్ సెంటర్‌లో చెరిపించవచ్చు గానీ, ఈలోగా కలిసిన సూచనలను వెనక్కి రప్పించలేం. అసలు ఖాతా అనుసరించేవాళ్లను కొత్త ఖాతా అనుసరించకూడదు. మొదటి ఇరవైమందిలో అయిదుగురు పాత స్నేహితులుంటే మిగతా జాగ్రత్తలన్నీ నీళ్ల పాలే.

జారిందో లేదో ముందే పరీక్షించుకోవచ్చు. నమ్మకమైన ఒక స్నేహితురాలి ఫోనులో, ఆమె కాంటాక్టులకు అనుమతి ఉన్న యాప్‌లో, రెండు వారాలపాటు సూచనలు గమనించాలి. రాతలు మొదలుపెట్టేది ఆ తర్వాతే. మన సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే ఏర్పాటుతో కంపెనీ దగ్గరున్న కాంటాక్టుల జాబితా తెప్పించి చూడాలి. ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్లో మన పేరిట ఎన్ని సిమ్‌లున్నాయో తెలుస్తుంది. టెలిగ్రామ్‌లో నంబరు ఎవరికి కనబడాలి, నంబరుతో ఎవరు వెతకవచ్చు అనేవి రెండు వేర్వేరు మీటలు. రెండూ చూసుకోవాలి. నంబరు అక్కర్లేకుండా యూజర్‌నేమ్‌తో పలకరించే వీలును సిగ్నల్ 2024లో తెచ్చింది. తెరవడానికి మాత్రం అక్కడా నంబరు కావాలి.

రహస్య ఖాతా కోసం తీసుకున్న నంబరును వదిలేయడమూ ప్రమాదమే. రీచార్జి చేయక మూసేసిన నంబరును 90 రోజుల తర్వాత మరొకరికి ఇవ్వవచ్చు. ఆ కొత్త మనిషి చేతికి ఓటీపీ వెళ్తే ఖాతా అతనిదే. ఖాతా మూశాకే నంబరు వదలాలి.

ఇన్ని చేసినా మిగిలే లోటు ఒకటి ఉంది. అది టీచరమ్మ చేతిలో లేదు, కువైట్ వదిన చేతిలో ఉంది. వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వర్తించదు. వదిన మీద తప్పు లేదు, ఉండకూడదు కూడా. అయినవాళ్లను గుర్తుపెట్టుకోవడం నేరమెలా అవుతుంది? కానీ ఆ జాబితాను తీసుకుని లెక్కలు కట్టేది ఇల్లాలు కాదు, వ్యాపార సంస్థ. తన గురించి ఏం చేరిందో, చెరపమని ఎవరిని అడగాలో తెలుసుకునే తేలికైన దారి జాబితాలోని నాలుగు వందలమందికీ కావాలి. నంబరు ఎక్కించినవాళ్లకే కాదు, ఆ నంబరు ఎవరిదో వాళ్లకూ హక్కుండాలి. అది వచ్చేదాకా మనం ఒక పని చేయగలం. కాంటాక్టులు ఇమ్మని యాప్ అడిగినప్పుడు వద్దు అనవచ్చు. ఆ వద్దు మన కోసం కాదు. మన ఫోనులో వరసతో సహా రాసి ఉన్న ఏ టీచరమ్మ కోసమో.